నిఫ్టీ పెరిగిందట, మరి మా బాబాయి షేర్లకి ఏమైంది?

ఆ మధ్య ఒక సాయంత్రం బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా, టీవీలో మార్కెట్ గ్రీన్‌లో ముగిసింది అంటున్నాడు. నా దగ్గర పద్నాలుగు షేర్లున్నాయి, పదకొండు ఎర్రగా ఉన్నాయి. నా యాప్ ఏమైనా పాడైందా?" అని. యాప్ బాగానే ఉంది బాబాయ్, టీవీవాడు కూడా అబద్ధం చెప్పలేదు అన్నాను. దాంతో ఆయనకి ఇంకా మండింది. రెండూ ఎలా నిజమవుతాయిరా అని. అరగంట చెప్పాను, సగంలో ఎవరో వచ్చారని ఫోన్ పెట్టేశాడు. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆయనకీ పంపిస్తా.

నిఫ్టీ సూచీ అంటే యాభై పెద్ద కంపెనీల షేర్ల సగటు అనుకుంటారు చాలామంది. అంటే ఒక్కో కంపెనీకి రెండు శాతం వాటా, సగానికి పైగా పెరిగితే నిఫ్టీ పెరుగుతుంది అని లెక్క. అది కాదు. నిఫ్టీలో ఎవరి బరువు వాళ్ళదే. కంపెనీ ఎంత పెద్దదైతే దాని మాట అంత చెల్లుతుంది.

లెక్క ఇలా మొదలైంది. 1995 నవంబర్ 3 నాటికి నిఫ్టీ కంపెనీల మార్కెట్ విలువ అంతా కలిపితే సుమారు 2.06 లక్షల కోట్లు. దాన్ని 1000 అనుకున్నారు. అప్పటినుంచి ఏ రోజు విలువనైనా ఆ మొదటి విలువతో భాగించి 1000తో గుణిస్తే వచ్చేదే నిఫ్టీ. మధ్యలో ఒక కంపెనీ పోయి ఇంకోటి వచ్చినా, ఎవరైనా కొత్త షేర్లు జారీ చేసినా, సూచీ ఉత్తినే ఎగిరిపడకుండా కింద భాగించే అంకెని సరిచేస్తారు. కాబట్టి 24,000 అంటే 24,000 రూపాయలు కాదు, దేని ధరా కాదు. మొదట్లో 1000 అనుకున్న మూట ఇప్పుడు ఎన్ని రెట్లయిందో చెప్పే అంకె, అంతే.

2009 జూన్‌లో ఇందులో ఒక పెద్ద మార్పు చేశారు. అప్పటిదాకా కంపెనీ షేర్లన్నిటినీ లెక్కలోకి తీసుకునేవాళ్ళు. ఆ తర్వాత ఫ్రీ ఫ్లోట్ మాత్రమే. అంటే కంపెనీని చేతిలో పెట్టుకున్న ప్రమోటర్ల దగ్గర, ప్రభుత్వం దగ్గర ఉండిపోయిన షేర్లు తీసేసి, మార్కెట్లో మనలాంటివాళ్ళు కొనగలిగేవాటికే లెక్క. సెన్సెక్స్ ఈ పని 2003లోనే చేసింది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తేడా చూడండి. ఎల్ఐసీ మొత్తం విలువ లక్షల కోట్లలో ఉంటుంది. అయినా నిఫ్టీ 50లో లేదు. 2022లో ఐపీఓకి వచ్చినప్పుడు ప్రభుత్వం అమ్మింది 3.5 శాతమే, మిగతా 96.5 శాతం తన దగ్గరే ఉంచుకుంది. ఊళ్ళో వంద ఎకరాల ఆసామి మూడున్నర ఎకరాలు మాత్రమే అమ్మకానికి పెడితే, బేరం వరకూ ఆయన చిన్న రైతే కదా. టీసీఎస్ సంగతీ అలాంటిదే. మొత్తం విలువలో ఇన్ఫోసిస్ కంటే చాలా పెద్దది. కానీ అందులో 70 శాతానికి పైగా టాటా సన్స్ చేతిలో ఉంది. అందుకే నిఫ్టీలో ఇన్ఫోసిస్ బరువు టీసీఎస్ కంటే ఎక్కువగా ఉంటూ వచ్చింది. ఇది చెబితే ఐటీలో పనిచేసే మా ఫ్రెండ్సే నమ్మలేదు.

మరి హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్? 2023 జూలైలో మాతృసంస్థ హెచ్‌డీఎఫ్‌సీ వచ్చి బ్యాంకులోనే కలిసిపోయాక దానికి ప్రమోటరే లేడు. షేర్లు దాదాపు అన్నీ లెక్కలోకే వస్తాయి. అలా అది నిఫ్టీలో 13 శాతం దాకా బరువు తూగింది. దాని ఫలితం ఎలా ఉంటుందో 2024 జనవరి 17న అందరం చూశాం.

ముందురోజు సాయంత్రం బ్యాంకు ఫలితాలొచ్చాయి, మార్కెట్‌కి నచ్చలేదు. మర్నాడు షేరు ఎనిమిది శాతానికి పైగా పడింది. నిఫ్టీ 22,032 నుంచి 21,572కి, అంటే 460 పాయింట్లు జారింది. "దలాల్ స్ట్రీట్‌లో రక్తపాతం" అని ఊదరగొట్టారు. కాగితం మీద లెక్క వేద్దాం. 13 శాతం బరువున్న షేరు 8.4 శాతం పడితే సూచీ మీద దెబ్బ 0.13 ఇంటూ 8.4, అంటే సుమారు 1.09 శాతం. 22,032లో 1.09 శాతం దాదాపు 240 పాయింట్లు. పడిన 460లో సగానికి పైన ఒక్క షేరే. అదే 8.4 శాతం నిఫ్టీ అడుగున అర శాతం బరువుతో ఉన్న కంపెనీ పడి ఉంటే? తొమ్మిది పాయింట్లు. ఆ కంపెనీ వాటాదారుకి మాత్రం నొప్పి రెండు చోట్లా ఒకటే.

ఇప్పుడు బాబాయి ప్రశ్నకి వద్దాం. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్, రిలయన్స్, ఈ మూడూ కలిస్తే ఈ మధ్య సంవత్సరాల్లో నిఫ్టీలో 30 శాతం అటూ ఇటూగా ఉంటున్నాయి. ఒక రోజు ఆ మూడూ తలా 2 శాతం పెరిగాయనుకోండి, సూచీకి 0.6 శాతం వస్తుంది. మిగతా 47 కంపెనీలూ తలా అర శాతం పడ్డాయనుకోండి. 70 శాతం బరువు మీద అర శాతం అంటే 0.35 శాతం పోతుంది. మిగిలేది 0.25 శాతం లాభం. 24,000 దగ్గర అరవై పాయింట్లు. యాభైలో నలభై ఏడు పడినా టీవీలో ఆకుపచ్చ బాణమే. అది కూడా నిఫ్టీ లోపలే. మా బాబాయి పద్నాలుగింటిలో నిఫ్టీలో ఉన్నవి రెండే. మిగతావన్నీ ఎవరో చెబితే కొన్న చిన్న కంపెనీల షేర్లు, స్మాల్‌క్యాప్‌లు. వాటికీ ఆ బాణానికీ సంబంధమే లేదు.

ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. నిఫ్టీ 50 ఈక్వల్ వెయిట్ అని ఇంకో సూచీ ఉంది. అవే యాభై కంపెనీలు, కానీ బరువు తలా రెండు శాతం (మధ్యలో కాస్త అటూ ఇటూ అయితే మూడు నెలలకోసారి సరిచేస్తారు). నిఫ్టీ పెరిగి ఇది పడిందంటే, పెద్దన్నలు మోశారు, మిగతావాళ్ళు కూర్చున్నారు అని అర్థం. దాంతోపాటు ఆ రోజు ఎక్స్ఛేంజీలో ఎన్ని షేర్లు పెరిగాయి, ఎన్ని పడ్డాయి అన్న లెక్క కూడా వస్తుంది. ఛానళ్ళు దాన్ని చూపించవని కాదు, కింద చిన్న అక్షరాల్లో పరిగెత్తిస్తారు.

పాయింట్ల గోల ఇంకోటి. 1992 ఏప్రిల్ 28న సెన్సెక్స్ 570 పాయింట్లు పడింది. అది 12 శాతానికి పైన, జనం నిజంగా మునిగారు. సెన్సెక్స్ 80,000 దగ్గర ఉన్నప్పుడు 570 పాయింట్లంటే ముప్పావు శాతం కూడా కాదు. అయినా అదే ఎర్ర స్ట్రిప్, అదే సైరన్ మ్యూజిక్.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది "ఇన్వెస్టర్ల సంపద 5 లక్షల కోట్లు ఆవిరి" అన్న హెడ్డింగ్. మర్నాడు పెరిగితే "మార్కెట్లోకి 4 లక్షల కోట్లు" అంటారు. ఎక్కడికీ ఆవిరవలేదు, ఎక్కడినుంచీ రాలేదు. మన వీధి లెక్కలో చెబుతా. ఇరవై స్థలాలు, ఒక్కోటి 200 గజాలు, గజం 30 వేలు. ఎవరో అమెరికా అబ్బాయి తొందరలో ఉండి ఒక స్థలం గజం 40 వేలకి కొన్నాడు. చేతులు మారింది 80 లక్షలు. ఆ సాయంత్రం నుంచి వీధిలో అందరి నోటా గజం 40 వేలే. 4,000 గజాల మీద వీధి "విలువ" 4 కోట్లు పెరిగింది. ఆ 4 కోట్లు ఎవరి జేబులో ఉన్నాయి? అందరూ ఒకేసారి అమ్మకానికి పెడితే ఆ రేటు ఉంటుందా? మార్కెట్ క్యాప్ అనే కంపెనీ మొత్తం విలువ కూడా ఇంతే. చివరగా జరిగిన బేరం ధరని షేర్లన్నిటికీ వర్తింపజేస్తారు. సూచీ పెరిగిందంటే డబ్బు వచ్చి చేరిందని కాదు. కొనేవాడు ఇచ్చిందే అమ్మేవాడు తీసుకున్నాడు. నిన్నటికంటే ఎక్కువ ధర ఇవ్వడానికి ఎవరో ఒప్పుకున్నారు, అంతవరకే దాని సాక్ష్యం.

పదిహేనేళ్ళ చార్టు చూపించి "చూశారా, ఎప్పుడూ పైకే" అనేవాళ్ళకి ఒక హైదరాబాద్ జ్ఞాపకం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. షేరు ఒక్క రోజులో 179 నుంచి 40 రూపాయల దిగువకి పడింది. ఆ దెబ్బ సత్యం బరువు మేరకు నిఫ్టీకి తగిలింది, దాన్ని ఎవరూ దాచలేదు. కానీ కొద్ది రోజుల్లోనే సత్యాన్ని తీసేసి రిలయన్స్ క్యాపిటల్‌ని పెట్టారు. సూచీ చేతులు దులుపుకుని ముందుకెళ్ళింది, షేరు పట్టుకున్నవాళ్ళు అక్కడే ఉండిపోయారు. (తర్వాతి కథ కూడా వినండి: రిలయన్స్ క్యాపిటల్ నిఫ్టీ నుంచి ఎప్పుడో పోయింది, 2021లో రిజర్వ్ బ్యాంకు దాని బోర్డునే రద్దు చేసింది.) ఆరు నెలలకోసారి జాబితా సమీక్షించి, చిక్కిపోయినవాళ్ళని పంపేసి పెద్దవాళ్ళయినవాళ్ళని తెచ్చుకునే ఏర్పాటు ఇది. 1995 నాటి యాభై కంపెనీలని అలాగే పట్టుకుని కూర్చుంటే చార్టు ఈ ఆకారంలో ఉండదు.

ఇందులో మోసం ఉందని నేననడం లేదు. బరువు ప్రకారం కట్టడంలో ఒక సుఖం ఉంది. ధర పెరిగితే బరువు దానంతటదే పెరుగుతుంది కాబట్టి సూచీలోని షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్ రోజూ కొనడం అమ్మడం అక్కర్లేదు, ఖర్చు తక్కువ. నేను నెలనెలా కట్టే సిప్ కూడా అందులోనే ఉంది. ఆ అంకెని దేశం జ్వరం చూసే థర్మామీటర్‌లా వాడటంతోనే నా పేచీ. 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశ జీడీపీ దాదాపు 24 శాతం కుంగింది. లాక్‌డౌన్‌లో రోడ్డు మీద నడిచి వెళ్ళినవాళ్ళని చూశాం కదా. మార్చి 23న 7,610 దగ్గర ఉన్న నిఫ్టీ జూన్ చివరికి 10,300 దాటింది. దానికి పిచ్చి పట్టలేదు. ఆ యాభై కంపెనీల్లో మన కిరాణా కొట్టు లేదు, ఆటో లేదు, మిర్చి రైతు లేడు. మూడో వంతుకి పైగా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు. వడ్డీ రేట్లు తగ్గుతున్నాయి, చిన్నవాళ్ళు మూసుకుంటే వాళ్ళ గిరాకీ పెద్దవాళ్ళకే వస్తుంది, ఏడాది తర్వాత లాభాలు బాగుంటాయి అని కొనేవాళ్ళు అనుకున్నారు. సూచీ ఆ అంచనాని చూపించింది. ఆ జూన్ నెల సంగతి కాదు.

బాబాయికి ఇంకో మాట కూడా చెప్పాను. నీకు నిఫ్టీ షేర్లు రెండే ఉన్నాయనుకుంటున్నావు గానీ, 2015 ఆగస్టు నుంచి ఈపీఎఫ్ఓ కొత్తగా వచ్చే పీఎఫ్ డబ్బులో కొంత నిఫ్టీ, సెన్సెక్స్ షేర్లనే కొనే ఈటీఎఫ్ ఫండ్లలో పెడుతోంది, రిటైరయ్యే దాకా నీదీ అందులో ఉంది అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ 13 శాతం బ్యాంకులో నాకూ వాటా ఉందంటావా?" అన్నాడు. నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి నిఫ్టీ ఎంత అని అడగలేదు, ఈక్వల్ వెయిట్ యాప్‌లో ఎక్కడ కనిపిస్తుందిరా అని.