పదిహేను నిమిషాల సింక్‌ని గుడ్డిగా నమ్మితే ఇంతే

ఈమధ్య ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్ళని ఎవర్ని కదిపినా ఒకటే మాట, "మాదంతా ఆటోమేటిక్ అండీ, షీట్‌లో మారిస్తే సైట్‌లో అదే మారిపోద్ది" అని. గూగుల్ షీట్‌లో ఎస్‌కేయూ, స్టాక్, ధర, వెనకాల ఒక యాప్స్ స్క్రిప్ట్, పదిహేను నిమిషాలకోసారి ట్రిగ్గర్, అది మార్కెట్‌ప్లేస్ ఏపీఐకి పంపేస్తుంది. ఎలా పెట్టుకోవాలో మీకు తెలిసిందే, మళ్ళీ చెప్పను. నా గోల వేరే, వీటిలో సగానికి సగం మొదట్నుంచీ తప్పుగా కట్టినవి, పైగా తప్పు కోడ్‌లో లేదు, ఒకే అంకెని ఇద్దరు రాస్తున్నారు, అదీ సంగతి.

మా చుట్టాలబ్బాయి ఒకడు మంగళగిరి చీరలు ఒక మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముతాడు. ఒక రంగుది షీట్‌లో 3 ఉంది, పదింటికి స్క్రిప్ట్ 3 అని పంపింది. 10:04కి ఒకటి అమ్ముడుపోయింది, మార్కెట్‌ప్లేస్ తనంతట తనే 2 చేసుకుంది. షీట్‌లో మాత్రం ఇంకా 3, ఎందుకంటే వాడు ఆర్డర్లు ఎక్కించేది సాయంత్రం ప్యాకింగప్పుడు. 10:15కి స్క్రిప్ట్ మళ్ళీ వచ్చి 2 మీద 3 రాసేసి పోయింది. సాయంత్రానికి ఆర్డర్లు ఐదు, బీరువాలో చీరలు మూడు. లాగ్ చూస్తే ఒక్క ఎర్రర్ లేదు, అన్నీ సక్సెస్సే! రెండు క్యాన్సిల్ చేశాడు, వారానికి నలభై ఆర్డర్లొచ్చే వాడికి రెండంటే 5 శాతం. అమెజాన్ లాంటి చోట సెల్లర్ సొంతంగా పంపే ఆర్డర్లలో క్యాన్సిలేషన్ 2.5 శాతం లోపే ఉండాలంటారు మరి.

మీది కూడా ఇలాగే ఉందేమో తెలుసుకోవడం తేలికే. కొత్త సరుకు రాకుండా, రిటర్న్ లేకుండా, లైవ్ స్టాక్ అంకె పైకెక్కిందంటే మీ సింక్ అమ్మకాన్ని చెరిపేస్తోందని అర్థం.

"నిమిషానికోసారి పెట్టుకుంటే సరిపోద్దిగా" అంటారు కొందరు. గ్యాప్ తగ్గుద్ది నిజమే, కానీ షీట్‌కి ఆర్డర్ సంగతే తెలియనప్పుడు ఎంత తొందరగా పంపినా తప్పు అంకెనే తొందరగా పంపుతుంది. పైగా ఫ్రీ అకౌంట్‌లో ట్రిగ్గర్లన్నిటికీ కలిపి రోజుకి 90 నిమిషాలే, 1440 సార్లు నడవాలంటే ఒక్కోసారికి నాలుగు సెకన్లు కూడా రావు.

ముందు ఆర్డర్లు లాగాలి, షీట్‌లో తగ్గించాలి, ఆ తర్వాతే పంపాలి, అదీ కిందటిసారి పంపినదానికంటే మారిన వరసలే. లాగడానికీ పంపడానికీ మధ్య కొన్ని సెకన్లు ఎలాగూ మిగిలిపోతాయి కాబట్టి ఆఖరి పీస్ ఒకటి లైవ్‌లో చూపించకుండా దాచుకోవడం మంచిది.

ధర సంగతి ఇంకా ఘోరం. ఎవరో ఒక సెల్‌లో ధరని టెక్స్ట్‌గా కొట్టారనుకోండి, లేదా ఖాళీ వదిలేశారనుకోండి, జావాస్క్రిప్ట్ ఏం చేస్తుందో చూడండి:

```
parseFloat("1,499")  // 1
Number("")           // 0
```

అంటే 1,499 చీర ఒక్క రూపాయికి లైవ్‌లోకి పోద్ది. 2014 డిసెంబర్‌లో బ్రిటన్‌లో రీప్రైసర్ ఎక్స్‌ప్రెస్ అనే టూల్‌లో వచ్చిన గడబిడకి అమెజాన్‌లో చాలామంది చిన్న సెల్లర్ల సరుకు ఓ గంటసేపు ఒక్క పెన్నీకే కనిపించింది, కారణం వేరే అయినా దెబ్బ ఇదే. పాత ధర కంటే 30 శాతం పడితే పంపకుండా ఆగి మెయిల్ కొట్టు అని నాలుగు లైన్లు రాసుకోవడానికి ఏం రోగం మనకి?

అసలు నాకు మండేది ఎక్కడంటే, ఇదంతా మన కిరాణా కొట్ల గుమాస్తాలకి ఎప్పుడో తెలుసు. చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. చిట్టాలో వచ్చింది, పోయింది వరసగా రాసుకుంటూ పోవడమే, నిల్వ అంకెని ఎవడూ కొట్టేసి కొత్తది రాసేవాడు కాదు, అది లెక్కలోంచి తేలాల్సిందే. మనం షీట్ చేతికి రాగానే ఆ పద్ధతి గాలికొదిలేసి, స్టాక్ కాలమ్‌లో ఎవరు పడితే వాళ్ళు అంకె కొట్టేలా పెట్టుకున్నాం, పైగా దాన్ని మోడర్న్ అంటున్నాం.

చిట్టాని షీట్‌లో పెట్టడం పెద్ద పనేం కాదు. Moves అని ఇంకో ట్యాబ్, అందులో ఎస్‌కేయూ పక్కన +10, -1 అని వరసలు, మెయిన్ షీట్‌లో స్టాక్ దగ్గర ఇది:

```
=SUMIF(Moves!A:A, A2, Moves!B:B)
```

స్క్రిప్ట్ లాగిన ప్రతి ఆర్డర్ Movesలో ఒక -1 వరసగా పడుతుంది, ఆర్డర్ నంబర్ పక్కనే రాసి, అది ముందే ఉంటే వదిలెయ్యమని స్క్రిప్ట్‌కి చెప్తే రెండోసారి లాగినా రెండుసార్లు తగ్గదు. స్టాక్ కాలమ్‌కి తాళం, మనిషి చెయ్యి పడదు.

మావాడు ఇప్పుడు ఇలాగే నడుపుతున్నాడు. మొన్న వాడి షీట్ తెరిస్తే ఆర్డర్ నంబర్ లేని -1 ఒకటి కనిపించింది, ఇదేంట్రా అంటే, వాళ్ళమ్మ పెళ్ళికి ఎవరికో పెట్టేసిందట, ఎక్కించింది కూడా ఆవిడేనట.