పచ్చ ట్యాగ్ సోమవారం సంగతే చెబుతుంది

అయిదంతస్తుల భవనం, బయటి గోడకు ప్లాస్టరింగ్ నడుస్తోంది. పరంజా నిచ్చెన దగ్గర, తనిఖీ అయింది ఎక్కొచ్చు అని చెప్పే పచ్చ ట్యాగ్ మీద సోమవారం తేదీ, సంతకం ఉన్నాయి. గురువారం మధ్యాహ్నం పైకెక్కి చూస్తే మూడో అంతస్తు దగ్గర రెండు టైలు లేవు. పరంజాను గోడకు బిగించి ఉంచే పైపులవి. పనికి అడ్డొస్తున్నాయని ప్లాస్టరింగ్ వాళ్లు విప్పి పక్కన పెట్టారు. పైగా బయట నెట్ కట్టి ఉంది. గాలి వీస్తే ఆ నెట్ తెరచాపలా పనిచేస్తుంది, ఆ లాగుడంతా మిగిలిన టైల మీదే పడుతుంది.

ట్యాగ్ అబద్ధమేమీ చెప్పలేదు. సోమవారం ఎలా ఉందో అదే చెప్పింది. దాన్ని వారం రోజుల పాస్ అనుకోవడమే మన పొరపాటు. బ్రిటన్‌లో 2005 నాటి నిబంధనల ప్రకారం 2 మీటర్లు, అంతకుమించి ఎత్తు నుంచి పడే అవకాశమున్న పరంజాను 7 రోజులకోసారి తనిఖీ చేయాలి. గాలివాన లాంటిది వచ్చి దాని పటుత్వం దెబ్బతినే అవకాశం ఉంటే ఆ గడువు కోసం ఆగకూడదు. అమెరికాలో అయితే ప్రతి షిఫ్టుకు ముందూ చూడాల్సిందే. రోజూ పదిమంది చేతులు పడే మన ప్లాస్టరింగ్ పరంజాకు రెండోదే సరిపోతుందని నా అభిప్రాయం.

చెక్‌లిస్టు నేల నుంచి మొదలవ్వాలి. నిలువు పైపుల అడుగున ఉండే బేస్ ప్లేటు కింద మట్టి కుంగిందా, దాని కింది పలక జరిగిందా చూడాలి. తర్వాత టైలు, ఏటవాలుగా బిగించే క్రాస్ బ్రేసింగ్ చూసి, ఆపైన నడిచే పలకలు, రెయిలింగ్ దగ్గరికి వెళ్లాలి. చాలామంది కంటికెదురుగా ఉందని రెయిలింగ్ చూసి టిక్కు పెట్టేస్తారు, టైలు లెక్కపెట్టరు.

లోపం కనబడితే ముందు మనుషుల్ని దింపాలి. ఎక్కే దారులన్నిటి దగ్గరా ఎర్ర ట్యాగ్ పెట్టి, నిచ్చెనకు అడ్డం కట్టాలి. రాసుకోవడం ఆ తర్వాతే. బెల్టు వేసుకుని ఎక్కండంటూ పసుపు ట్యాగ్‌తో సరిపెట్టడం ఇక్కడ కుదరదు. పరంజానే ఒరిగితే దానికి తగిలించిన బెల్టు ఎవర్నీ కాపాడదు.

రిజిస్టర్‌లో ‘లోపం ఉంది, సరిచేశాం’ అని రాస్తే ఏమీ రాయనట్టే. లిఫ్ట్ అంటే పరంజాలో ఒక వరస ఎత్తు, బే అంటే రెండు నిలువు పైపుల మధ్య గడి. ఈ కేసులో నేనైతే ఇలా రాస్తాను:

‘గురువారం, 2.40. ఉత్తరం గోడ, మూడో లిఫ్ట్, 4, 5 బేలు. గోడ టైలు రెండు లేవు. ప్లాస్టరింగ్ కోసం విప్పారు. ఆరుగురిని దింపాం. రెండు నిచ్చెనల దగ్గరా ఎర్ర ట్యాగ్. 4.15కి పరంజా మేస్త్రీ టైలు బిగించాడు. పక్క బేలూ చూశాం, బాగున్నాయి. 4.40కి తిరిగి తనిఖీ, పచ్చ ట్యాగ్.’

కింద తనిఖీ చేసినవారి పేరు, హోదా, ఇంకా మిగిలిన పని.

ఇందులో నాకు ముఖ్యమనిపించేది ‘ప్లాస్టరింగ్ కోసం విప్పారు’ అన్న ముక్క. అది లేకపోతే పై వారం నాలుగో అంతస్తులో మళ్లీ ఇదే జరుగుతుంది. అది ఉంది కాబట్టి మిగిలిన పని దగ్గర ఇలా రాయొచ్చు: ‘నాలుగో అంతస్తులో పని మొదలయ్యేలోపు ఉన్న టై పక్కనే పరంజా మేస్త్రీ వేరే టై బిగించాలి, ఆ తర్వాతే పాతది విప్పాలి. ప్లాస్టరింగ్ మేస్త్రీకి చెప్పాం, సంతకం తీసుకున్నాం.’