సవరణ: కక్ష్యలో ఉన్నదానికి 11.2 అక్కర్లేదు

"400 కి.మీ. ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమి ఆకర్షణ నుంచి తప్పించుకోవాలంటే ఇంకో 11.2 కి.మీ./సె. ఇవ్వాలా సార్?" — అనంతపురం నుంచి ఒక ఇంటర్ విద్యార్థి.

అక్కర్లేదు. 11.2 అనే పలాయన వేగం నేల మీద నుంచి బయల్దేరేదానికి, అదీ గాలి నిరోధం లేదనుకుంటే. పాత పోస్టులో తప్పించుకోవాలంటే 11.2 కావాలన్న వాక్యాన్ని ఇలా మార్చి చదవండి.

భూమి కేంద్రం నుంచి దూరం r = 6400 + 400 = 6800 కి.మీ. చాలామంది r చోట 400 వేసేసి మార్కులు పోగొట్టుకుంటారు. GM = 4 × 10¹⁴ మీ³/సె² తీసుకుని, r ని మీటర్లలో వేస్తే కక్ష్యా వేగం √(GM/r) = 7.67 కి.మీ./సె. అక్కడ స్థితిజ శక్తి −GMm/r, గతిజ శక్తి GMm/2r, మొత్తం −GMm/2r. తప్పించుకోవాలంటే ఈ మొత్తాన్ని సున్నాకు తేవాలి; అందుకు గతిజ శక్తి రెట్టింపైతే చాలు. అంటే వేగం √2 రెట్లు, 10.85. కావాల్సిన అదనం 3.18 మాత్రమే.

అదీ వెళ్తున్న దిశలోనే నెట్టితే. నిట్టనిలువుగా పైకి నెడితే వేగాలు నేరుగా కలవవు, వర్గాలు కలుస్తాయి; అప్పుడు మళ్లీ 7.67 పెట్టాల్సిందే.