నలభై ఆరు పేటల ప్లంబరు

మా కూకట్‌పల్లి వీధి చివర పైపుల దుకాణం నడుపుతున్న ప్లంబరు గారికి ఒక స్కూటరు, ఒక సహాయకుడు, రెండు పైపు రెంచీలు ఉన్నాయి. ఆయన చాలాకాలం తన వ్యాపారం నిజాంపేట దాకానే సాగుతుందనే అజ్ఞానంలో బతికారు. ఆ పరిధి నిజానికి 46 పేటలని వెబ్‌సైటు కట్టిపెట్టడానికి వచ్చిన ఒక యువకుడు తెలియజేసిన తరువాతే ఆయనకు తన విశ్వరూపం తెలిసింది.

ఆ విస్తరణకు యుద్ధం అక్కరలేకపోయింది. యువకుడు మియాపూర్ కోసం ఒక పేజీ రాశాడు. అందులో మియాపూర్ ఉన్నచోటల్లా హయత్‌నగర్ అని మారిస్తే హయత్‌నగర్ వశమైంది, మేడ్చల్ అని మారిస్తే మేడ్చల్ లొంగిపోయింది. శత్రువు ఒక్కచోట మాత్రం ఎదురుతిరిగాడు. మార్చడం మరచిన ఒక వాక్యం వల్ల, ఘట్‌కేసర్ వాసులకు మియాపూర్ మెట్రో పక్కనే తమ సేవ లభిస్తుందని ఆ పేజీ హామీ ఇచ్చింది.

ఇంతటి దిగ్విజయాన్ని గూగుల్ గుర్తించకపోవడం విచారకరం. ఊరి పేరు తప్ప తేడా లేకుండా, అందరినీ ఒకే ఫోను నంబరు దగ్గరికి తోలుకొచ్చే పేజీలను అది డోర్‌వే పేజీలంటుంది, స్పామ్ నియమాలలో చేర్చింది. నేను గౌరవ సలహాదారు హోదాలో, మన పేజీలను గూగుల్ ఏం చేసిందో చూపే సెర్చ్ కన్సోల్ తెరిచి చూడగా, 46 పేజీలలో 41 పేజీలకు `Crawled - currently not indexed` అని రాసి ఉంది. అంటే గూగుల్ వచ్చింది, చదివింది, దాచుకోకుండా వెళ్లిపోయింది. పెళ్లిచూపులకు వచ్చినవారు కాఫీ తాగి కబురు పెడతామన్నట్లే ఇదీను.

అయినా ప్లంబరు గారు నిబ్బరంగానే ఉన్నారు, ఎందుకంటే దుకాణంలో కుర్చీలో కూర్చుని ఫోనులో ప్లంబర్ అని వెతికితే ప్రతిసారీ ఆయనే మొదట కనిపిస్తున్నారు. మ్యాపులోని ఫలితాలను గూగుల్ ప్రధానంగా మూడు విషయాలను బట్టి పేరుస్తుంది: వెతికిన మాటకు వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికినవారికి ఎంత దూరం, దానికి ఎంత పేరుంది. కుర్చీకీ దుకాణానికీ మధ్య దూరం సున్నా కనుక, ఆ కుర్చీ వరకు ఆయన ఏకచ్ఛత్రాధిపతి అనడంలో సందేహం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న వాళ్ల అల్లుడి చేత వెతికించినప్పుడు మాత్రం, అల్లుడు మర్యాదస్థుడు కనుక, నెట్‌వర్క్ సరిగా లేదని చెప్పి ఫోను పెట్టేశాడు.

మ్యాపులో దుకాణం వివరాలు చూపే గూగుల్ ప్రొఫైలులో సేవా ప్రాంతాలను చేర్చే వీలుంది కదా అని యువకుడు వాదించాడు. నిజమే, 20 వరకు చేర్చవచ్చు. మొత్తం పరిధి మాత్రం దుకాణం నుంచి రెండు గంటల ప్రయాణం దాటకూడదని గూగుల్ సూచన. అయితే ఆ పెట్టెలో హయత్‌నగర్ అని రాసుకున్నంత మాత్రాన దుకాణం హయత్‌నగర్‌కు నడిచిరాదు. ఆ జాబితా వెళ్లగలిగిన చోట్లను వినియోగదారుడికి చెబుతుందే గాని, దూరాన్ని తగ్గించదు.

చివరకు ఆయన ఏడాది రసీదు పుస్తకాలు తెచ్చి పేటల వారీగా లెక్కపెట్టాము. స్కూటరు నిజంగా వెళ్లినవి నాలుగే. ఆ నాలుగింటికీ పేజీలు కొత్తగా రాయవలసి వచ్చినప్పుడు ప్లంబరు గారి నోటి నుంచి యువకుడికి తెలియని సాహిత్యం వెలువడింది. నిజాంపేట అపార్టుమెంట్లలో బోరు నీటి ఉప్పుకు గీజరు కాయిల్ మీద సున్నపు పొర రాయిలా ఎలా కడుతుందో, కుళాయి మూతి జల్లెడ ఎందుకు మూసుకుపోతుందో, పాత హౌసింగ్ బోర్డు ఇళ్లలో జి.ఐ. పైపు లోపల తుప్పు పేరుకుని పై అంతస్తుకు ధార ఎలా సన్నబడుతుందో ఆయన చెబుతూ పోయారు. దానికి ఆయన తీసిన ఫోటోలు, వచ్చి చూసినందుకు తీసుకునే రుసుము, ఎంతసేపట్లో రాగలరన్నది జోడించాము. ఈ పేజీలో నిజాంపేట తీసి మేడ్చల్ పెడితే అబద్ధమవుతుంది. పేజీ బాగుందనడానికి నాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. మిగిలిన 42 పేజీలనూ తొలగించి, వాటి చిరునామాలను ఒకే సేవా ప్రాంతాల పేజీకి మళ్లించిన రోజున యువకుడు భోజనం చేయలేదని వినికిడి.

ఇక పేరు సంగతి. బోర్డు మీద లక్ష్మీదేవి పేరుంది. ఆమె ప్రొఫైలులో `Lakshmi`, ఒక డైరెక్టరీలో `Laxmi`, మరొకదానిలో `Laksmi`. దేవతలకు సహస్రనామాలు ఉండవచ్చు గాని, పేరు, చిరునామా, ఫోను మూడూ తలా ఒక తీరుగా ఉంటే ఇది ఒక దుకాణమా, మూడు దుకాణాలా అన్నది యంత్రానికి తేలదు. అక్షరం తేడా అంత ప్రమాదం కాదు, ఫోను నంబరు తేడాయే అసలు ప్రమాదం. ఆయన ఎప్పుడో వదిలేసిన పాత నంబరు రెండు డైరెక్టరీలలో అలాగే ఉండిపోయింది. టెలికాం కంపెనీ ఆ నంబరును హనుమకొండలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి కేటాయించింది. రాత్రి పదకొండుకు ట్యాంకు పొంగిపోతోందని కూకట్‌పల్లి నుంచి వచ్చే ఫోన్లకు ఆయన ఓపికగా, ముందు మోటారు ఆపండి, అని సలహా ఇస్తున్నారట.

పాత నంబరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికితే అది ఇంకా ఎక్కడెక్కడ బతికి ఉందో తెలిసింది. బోర్డు మీది పేరు, చిరునామా, నంబరు ఒక కాగితం మీద ఒకే వరుసగా రాసుకుని, ముందు ప్రొఫైలును, తరువాత వెబ్‌సైటును, ఆపై డైరెక్టరీలను ఆ కాగితం చూసి దిద్దాము. పేరు పక్కన హైదరాబాద్ నంబర్ వన్ అని చేర్చుదామని యువకుడు ఉత్సాహపడ్డాడు. బోర్డు మీద లేని మాటను పేరులో చేర్చితే ప్రొఫైలునే నిలిపివేసే అవకాశముందని చెప్పగా, బోర్డే మార్పిద్దామన్నాడు. అతనికి భవిష్యత్తు ఉంది.

సమీక్షల విషయంలో కుటుంబం ముందే కదిలింది. ఒకే ఆదివారం, ఒకే ఇంటి వైఫై మీద, ఐదుగురు మేనల్లుళ్లు ఐదేసి నక్షత్రాలు సమర్పించారు. వారం తిరిగేలోగా ఐదూ మాయమయ్యాయి. తరువాతి పథకం ప్రకారం, తృప్తి కలిగినవారికి గూగుల్ లింకు, కలగనివారికి ఫిర్యాదు ఫారం పంపాలి. ఇలా వడపోసి అడగడాన్నీ, సమీక్షకు బదులు రాయితీ ఇవ్వడాన్నీ గూగుల్ నిషేధించింది. వెబ్‌సైటులో తనకు తానే నక్షత్రాలు వేసుకుని కోడ్ పెట్టుకున్నా, 2019 నుంచి స్థానిక వ్యాపారాలకు అవి వెతుకులాట ఫలితాలలో కనిపించవు. కనుక మిగిలిన మార్గం అవమానకరమైనది: పని చేయడం, చేసిన సాయంత్రమే ప్రొఫైలు ఇచ్చే లింకును అందరికీ వాట్సాప్‌లో పంపడం. పంపేముందు ఆ లింకు నొక్కి చూడగా, అది ఎప్పుడో సృష్టించి మరచిన రెండవ ప్రొఫైలుకు వెళుతోందని బయటపడింది. అంతకుముందు కష్టపడి సంపాదించిన పదకొండు సమీక్షలు అక్కడ నిక్షేపంగా ఉన్నాయి.

ఇప్పుడు అసలు ప్రొఫైలు లింకు క్యూఆర్ కోడ్ ప్రతి మోటారు స్టార్టరు పెట్టె మీదా అంటించి ఉంది. మొన్న ఒక గృహిణి, నిజాంపేటలో తమ గీజరు లోపల కట్టిన రాయి తీసి చూపించారని, ఆలస్యంగా వచ్చారని, నాలుగు నక్షత్రాలతో రాసింది. ఆ ఒక్క నక్షత్రం పోయినందుకు ప్లంబరు గారు కుంగిపోయారు గాని, నిజాంపేట, గీజరు అనే రెండు మాటలు పైసా ఖర్చు లేకుండా అందులో పడ్డాయని చెప్పాక తేరుకుని, ఆలస్యానికి క్షమాపణ కోరుతూ సమాధానం రాశారు.

నిన్న హనుమకొండ ఉపాధ్యాయుడి నుంచి ఫోను వచ్చింది. వారం రోజులుగా కూకట్‌పల్లి నుంచి ఒక్కరూ పిలవకపోవడంతో ఏమీ తోచడం లేదట. పైగా వాళ్ల వంటింటి కుళాయి కారుతోంది, వచ్చి చూడగలరా అని అడిగారు. యువకుడు అప్పటికే హనుమకొండ పేజీ తెరిచి టైపు చేయడం మొదలుపెట్టాడు.