లెక్టియో దివీనా మంత్రజపమా? ఒక ప్రచారానికి జవాబు

లెక్టియో దివీనా అంటే లేఖనాన్ని మెల్లగా చదివి, ధ్యానించి, ప్రార్థించే పాత పద్ధతి. దాని గురించి ఇలా ఒక ప్రచారం ఉంది: “లెక్టియో దివీనా బైబిలు పఠనం కాదు. మనసు ఖాళీ చేసుకుని, ఒక మాట పట్టుకుని మంత్రంలా జపించే అన్యుల ధ్యానం. 1970లలో కేథలిక్కు సన్యాసులు దీన్ని క్రైస్తవంలోకి తెచ్చారు. సందర్భంతో పనిలేదు, చదివేటప్పుడు మనసుకు ఏది తడితే అదే దేవుని మాట అని నేర్పుతారు. విశ్వాసులు జాగ్రత్త!”

ముందు 1970ల సంగతి చూద్దాం. గందరగోళం చాలావరకు అక్కడినుంచే వచ్చింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, స్పెన్సర్ అనే ఊళ్ళో ట్రాపిస్టులనే కేథలిక్కు సన్యాసుల సెయింట్ జోసెఫ్ మఠం ఉంది. విలియం మెనింజర్, బేసిల్ పెన్నింగ్టన్, థామస్ కీటింగ్ అనే ముగ్గురు సన్యాసులు ఆ దశాబ్దంలో అక్కడ ఒక ప్రార్థన పద్ధతిని రూపొందించారు. దాని పేరు సెంటరింగ్ ప్రేయర్. ఒక చిన్న పవిత్ర పదాన్ని ఎంచుకుని కూర్చుంటారు. ఆలోచనలు వచ్చినప్పుడల్లా మెల్లగా ఆ పదం వైపు మళ్ళుతారు. సాధారణంగా ఇరవై నిమిషాలు. ఆ సేపట్లో బైబిలు చదవరు. ఈ పద్ధతి సరైనదా కాదా అన్న వాదన కేథలిక్కుల్లోనే ఉంది. దాన్ని నేర్పినవాళ్ళలో చాలామంది లెక్టియో దివీనాను కూడా నేర్పారు కాబట్టి, బయటినుంచి చూసేవారికి రెండూ ఒకటే అనిపించాయి. కానీ అక్కడ పుస్తకం మూసి కూర్చుంటారు. ఇక్కడ పుస్తకం తెరవకపోతే పనే మొదలవదు.

ఇక లెక్టియో దివీనా వయసు చూడండి. 6వ శతాబ్దంలో ఇటలీలోని మోంటె కసీనోలో బెనెడిక్టు అనే మఠాధిపతి రాసిన మఠ నియమావళి 48వ అధ్యాయంలో ఈ పేరు ఉంది. సోమరితనం ఆత్మకు శత్రువు కాబట్టి సోదరులు కొన్ని వేళల్లో చేతిపని, కొన్ని వేళల్లో లెక్టియో దివీనా చేయాలి అంటూ ఆ అధ్యాయం మొదలవుతుంది. మాటతో ఆగలేదు, వేళలు కూడా పెట్టింది. ఈస్టర్ నుంచి అక్టోబరు వరకు ఉదయం పని, నాలుగో గంట నుంచి ఆరో గంట ప్రార్థన దాకా చదువు. వాళ్ళు సూర్యోదయం నుంచి గంటలు లెక్కపెట్టేవారు కనుక, అది మన లెక్కలో దాదాపు పదింటినుంచి మధ్యాహ్నం వరకు. చలికాలంలో ఆ వేళ ఉదయం మొదటి గంటలకు మారుతుంది. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో ఇంకా పెరుగుతుంది. ఆ కాలంలో ప్రతి సన్యాసికీ గ్రంథాలయంనుంచి ఒక పుస్తకం ఇస్తారు. దాన్ని మొదటినుంచి చివరిదాకా వరుసగా చదవాలి. చదువు వేళల్లో ఒకరిద్దరు పెద్దలు మఠమంతా తిరిగి, ఎవరైనా పుస్తకం వదిలి కబుర్లలో పడ్డారేమో చూస్తారు.

ఆ అధ్యాయంలోనే ఇంకొక చిన్న నియమం ఉంది. మధ్యాహ్నం అందరూ విశ్రాంతి తీసుకునేటప్పుడు ఎవరైనా చదువుకోవాలనుకుంటే, పక్కవారికి ఇబ్బంది లేకుండా చదువుకోవాలట. అంటే చదవడమంటే మామూలుగా పెదవులు కదిలించి, వినబడేట్టు చదవడమే. దీనికి రెండు శతాబ్దాల ముందే ఈజిప్టులో పకోమియుస్ అనే సన్యాసి స్థాపించిన మఠాల్లో చేరినవారు కీర్తనలూ కొత్త నిబంధనా కంఠతా పట్టాలి. చదువు రానివారికి అక్షరాలు నేర్పేవారు. పొలం పనిలోనూ చాపలు అల్లేటప్పుడూ ఆ వాక్యాలను నోట్లో నానబెట్టుకుంటూ ఉండేవారు. సంస్కరణోద్యమానికి వెయ్యేళ్ళకు ముందే మఠాల్లో ఇదంతా రోజువారీ పని.

మనసు ఖాళీ చేసుకోవడం అన్న ఆరోపణకు జవాబు 12వ శతాబ్దపు ఒక ఉత్తరంలో దొరుకుతుంది. ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో గ్రాండ్ షార్త్రూజ్ అనే మఠం ఉంది. దాని తొమ్మిదవ పెద్ద అయిన రెండవ గీగో, జెర్వాస్ అనే సోదరుడికి ఆ ఉత్తరం రాశాడు. పఠనం, ధ్యానం, ప్రార్థన, దర్శనం అనే నాలుగు మెట్లు స్పష్టంగా వరుసపెట్టింది అక్కడే. మెట్లు ఎలా ఎక్కాలో చూపడానికి ఆయన ఒకే వచనం తీసుకున్నాడు: “హృదయశుద్ధిగలవారు ధన్యులు, వారు దేవుని చూచెదరు.” మత్తయి 5:8.

ఆ వచనంతో ఆయన ఏం చేశాడో గమనించండి. మొదట చదివాడు. వాక్యం చిన్నదే గానీ నోట్లో వేసుకున్న ద్రాక్షపండులా నమిలితే రసం ఉందని ఆగాడు. ఇక్కడ ధ్యానం మొదలైంది, అదీ ఒక ప్రశ్నతో. యేసు శరీరశుద్ధి అనకుండా హృదయశుద్ధి అని ఎందుకు అన్నాడు? చేతులు చెడ్డ పని చేయకపోతే సరిపోదు, లోపలి తలంపులు కూడా శుభ్రం కావాలని తోచింది. తోచిందని నమ్మేయలేదు, లేఖనంలో సాక్ష్యం వెతికాడు. 24వ కీర్తనలో యెహోవా పర్వతానికి ఎక్కదగినవాడు “నిర్దోషమైన చేతులును శుద్ధమైన హృదయమును” గలవాడు అని ఉంది. చేతులు, హృదయం, రెండూ. తర్వాత 51వ కీర్తన: “దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము.” అంటే ఇది మనిషి సొంతంగా సంపాదించేది కాదు, అడిగి పొందేది. తర్వాత యోబు 31:1: “నేను నా కన్నులతో నిబంధన చేసికొంటిని.” అడిగి పొందేదే అయినా కాపలా మాత్రం మనిషే కాయాలి. తర్వాత వచనం రెండో సగానికి వెళ్ళి, దేవుని చూడడమంటే ఏమిటో ఆలోచించాడు. ఇంత దూరం వచ్చాక, ఆ శుద్ధి తన దగ్గర లేదని తెలిసింది. అక్కడ ధ్యానం ప్రార్థనగా మారింది.

ఇందులో మనసు ఖాళీ అయిన క్షణం ఏది? ప్రశ్న అడిగి, లేఖనాన్ని లేఖనంతో పోల్చి, తన స్థితి చూసుకుని, అడిగాడు. నాలుగో మెట్టు గురించి మాత్రం విమర్శకుల అనుమానం అర్థం చేసుకోదగినదే, ఎందుకంటే అక్కడ మాటలు ఆగిపోతాయి. అయితే గీగో ఆ మెట్టును సాధనతో తెచ్చుకునేదిగా చెప్పలేదు. అది దేవుడు ఇచ్చినప్పుడు వస్తుంది, మళ్ళీ మరుగవుతుంది. అలా మరుగైనప్పుడు కంగారుపడవద్దని ప్రత్యేకంగా రాశాడు.

ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ పలికే అలవాటు మఠాల్లో లేదా అంటే, ఉంది. దాచాల్సిన పని లేదు. 5వ శతాబ్దంలో జాన్ కాసియన్ అనే సన్యాసి, 70వ కీర్తన మొదటి వచనాన్ని, దేవా నన్ను విడిపించుటకు త్వరపడు అనే మొరను, పనిలోనూ శోధనలోనూ ఎడతెగక పలకమన్నాడు. అయితే అది అర్థం తెలిసి దేవునికి పెట్టే మొర. మత్తయి 6:7లో యేసు వద్దన్నది వ్యర్థమైన మాటలను, ఎక్కువ మాట్లాడితే మనవి వినబడుతుందన్న లెక్కను. గెత్సేమనేలో ఆయనే మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడని అదే సువార్త 26:44లో ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవారు ఇలా చేయవచ్చు. ఒక సువార్త ఎంచుకుని వరుసగా వెళ్ళండి, రోజుకు ఆరు నుంచి పది వచనాలు. అరగంట కేటాయించండి. ఫోనులో కాకుండా అచ్చు పుస్తకంలో, చిన్న గొంతుతో పైకి చదవండి. కళ్ళతో చదివితే తెలిసిన కథ అని వేగం పెరుగుతుంది, నోటితో చదివితే ప్రతి మాటా పలకాల్సిందే. మొదటిసారి చదివి ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఎందుకు మాట్లాడుతున్నారో చూసుకోండి. రెండోసారి ఇంకా మెల్లగా. ఏదైనా మాట దగ్గర ఆగాలనిపిస్తే ఆగి, గీగోలా ప్రశ్న అడగండి: ఈ మాటే ఎందుకు, వేరే మాట ఎందుకు కాదు? ఏ మాటా ఆపకపోతే కృత్రిమంగా ఒకటి ఎంచుకోవద్దు, మూడోసారి చదవండి. ఆ తర్వాత అదే మాటతో దేవునితో మాట్లాడండి. మాటలు అయిపోతే కాసేపు ఊరుకోండి. మనసు బజారుకు వెళ్ళిపోయిందని గమనిస్తే తిరిగి వాక్యానికి రండి.

ఎక్కువగా దారి తప్పేది రెండు చోట్ల. బోధకులకూ సండే స్కూలు టీచర్లకూ వచ్చే తప్పు ఒకటి: పది నిమిషాలకే ప్రసంగం అంశాలు తయారవుతాయి. “ఈ వచనం ఫలానావాళ్ళు వినాలి” అనిపించిందంటే, చదవడం ఆగి బోధ మొదలైందని గుర్తు. రెండోది అనుభూతి కోసం చదవడం. నిన్న కన్నీళ్ళు వచ్చాయి, ఈరోజు రాలేదని ఆ వచనం వదిలి ఇంకోటి వెతుకుతారు. వారం తిరిగేసరికి తమకు నచ్చిన ఐదారు వచనాలు మాత్రమే మిగులుతాయి. బెనెడిక్టు పుస్తకం వరుసగా, పూర్తిగా చదవమన్నది ఇలాంటి ఏరుకోవడానికి అడ్డుకట్ట.

సందర్భంతో పనిలేదన్న మాటకు వద్దాం. ఈ ప్రమాదం నిజంగా ఉంది, దాన్ని అందరికన్నా ముందు గుర్తించినవారు ఈ పద్ధతి నేర్పినవారే. పఠనం లేని ధ్యానం తప్పుదారి పడుతుందని గీగో అదే ఉత్తరంలో రాశాడు. 2010లో పోపు 16వ బెనెడిక్టు దేవుని వాక్యం గురించి రాసిన ‘వెర్బుం దోమిని’ అనే పత్రంలో ఈ మెట్లు వివరిస్తూ, మొదటి ప్రశ్న “ఈ వాక్యం తనంతట తాను ఏం చెబుతోంది?” అన్నాడు. “నాకు ఏం చెబుతోంది?” అన్నది రెండో ప్రశ్న. మొదటిది అడగకపోతే వాక్యం మన సొంత ఆలోచనలకు ఒక సాకుగా మిగిలే ప్రమాదం ఉందని హెచ్చరించాడు.

ఒక వచనంతో ఇది చూద్దాం. మన సంఘాల్లో కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల్లో తరచు వచ్చేది యిర్మీయా 29:11. దేవుని ఉద్దేశాలు “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అనే వచనం. ఉద్యోగం పోయిన మనిషి కార్డులో దీన్ని చదివితే, త్వరలో ఉద్యోగం వస్తుందని వినిపిస్తుంది. లెక్టియో దివీనాలో అదే మనిషి అధ్యాయం మొదటినుంచి చదువుతాడు. అది బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా రాసిన పత్రిక. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ళు అని ఉంది. అంతకు ముందు, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరు చెరలో ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. ఇంకొంచెం వెనక్కి, 28వ అధ్యాయంలో, రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని చెప్పిన హనన్యా ఉన్నాడు. అతణ్ణి దేవుడు పంపలేదు.

ఇప్పుడు ఆ మనిషి ఏ మాట దగ్గర ఆగుతాడో అది మారుతుంది. “తోటలు నాటండి” దగ్గర ఆగవచ్చు. ఇష్టంలేని చోట, ఎప్పుడు తీరుతుందో తెలియని పరిస్థితిలో ఈరోజు నేను నాటగలిగింది ఏమిటి అని అడుగుతాడు. తనకు నచ్చని ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించడం కష్టంగా ఉంటే, ఆ కష్టాన్నే దేవునికి చెబుతాడు. పదకొండో వచనం అక్కడే ఉంటుంది, ఆదరిస్తుంది కూడా. కానీ తేదీ వేసిన హామీగా వినబడదు. ఇంత చదివాక కూడా ఎవరికైనా ఫలానా ఉద్యోగంలో చేరు, ఫలానా సంబంధం ఒప్పుకో అని ఆ వచనంలో వినిపిస్తే, అది వాక్యంలో లేనిది. దాన్ని అమలు చేసే ముందు తనను బాగా ఎరిగిన ఆత్మీయ పెద్ద దగ్గర పెట్టి అడగాలి.