గల్ఫ్ పని దాచుకోవద్దు

"గల్ఫ్‌లో ఎన్నేళ్లు చేసినా ఇక్కడ లెక్కలోకి రాదు. కంపెనీలు ఐటీఐ సర్టిఫికెట్, లోకల్ అనుభవం తప్ప ఏం చూడవు. ఆ సంగతి దాచి ఫ్రెషర్‌గా చేరితేనే మేలు."

జడ్చర్ల చుట్టుపక్కల గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. నేను పోలేపల్లి సెజ్‌లోని ఒక మందుల యూనిట్‌లో, ప్లాంటుకు చల్లదనం, గాలి అందించే యుటిలిటీ పని చూస్తాను, ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. ఇందులో అన్నిటికంటే నష్టం చేసేది చివరి వాక్యం. అన్నేళ్లు ఎక్కడున్నావని అడిగితే ఏం చెబుతారు? పాస్‌పోర్టు చూస్తే నిజం తెలిసిపోతుంది, అప్పుడు అబద్ధమాడిన మనిషిగా మిగులుతారు.

లెక్కలోకి రాదనే మాటకు కారణం చాలావరకు మనం చెప్పే తీరే. దోహాలో ఒక టవర్‌లో, మొత్తం బిల్డింగును చల్లబరిచే చిల్లర్ల పని చూసి వచ్చిన మిడ్జిల్ వైపు తమ్ముడొకడు "ఏసీ పని చేసిన సార్" అన్నాడు. మా ఇంజనీర్ స్ప్లిట్ ఏసీలు అనుకుని పేజీ తిప్పేశాడు. ఎన్ని టన్నుల మిషన్ అని నేనడిగితే, ఒక్కోటి 300 టన్నుల ఎయిర్‌కూల్డ్ చిల్లర్లు అన్నాడు. మధ్యాహ్నం మాత్రమే హెడ్ ప్రెషర్ పెరిగి ట్రిప్పయ్యేవట, రాత్రిపూట బాగానే నడిచేవట. గ్యాస్ ఎక్కువైందేమో అని పక్కవాళ్లు తీయబోతే ఈ తమ్ముడు ఆపి, కండెన్సర్ కాయిల్ చూశాడు. సందుల్లో ఇసుక దుమ్ము పట్టి గాలి ఆడట్లేదు. లోపలి నుంచి బయటికి నీళ్లతో కడిగాక ప్రెషర్ దిగింది. ఎండాకాలం మా మిషన్లకూ ఇదే తిప్పలు. ఇంజనీర్ కుర్చీ ముందుకు జరిపాడు. మిషన్ సైజు, వచ్చిన లోపం, కనిపెట్టిన తీరు, ఈ మూడూ మొదట్లోనే చెబితే చాలు.

అన్నీ అలాగే పనికొస్తాయని మాత్రం అనను. మందుల ప్లాంటులో గదికీ గదికీ మధ్య గాలి ప్రెషర్ తేడా నిలబెట్టాలి, ప్రతి రీడింగ్ అప్పటికప్పుడు రాయాలి. తప్పు రాస్తే దిద్దకూడదు, పాతది కనపడేలా ఒక్క గీత కొట్టి సంతకం పెట్టాలి. టవర్‌లో ఇవి ఉండవు. తెలియకపోతే తెలియదనే చెప్పాలి.

సర్టిఫికెట్ మాటలో కొంత నిజముంది. పర్మనెంట్ పోస్టుకు కొన్ని కంపెనీలు ఐటీఐ అడుగుతాయి. పైగా వీసాలో చాలామందికి "లేబర్" అనే ఉంటుంది, చేసింది టెక్నీషియన్ పని. అందుకే తిరిగి రాకముందే సూపర్‌వైజర్ దగ్గర, ఏ మిషన్ల మీద ఎన్నేళ్లు చేశారో రాసిన లెటర్ తీసుకోండి. అరబిక్‌లో ఇస్తే ఇంగ్లిష్ కాపీ కూడా అడగండి. సేఫ్టీ ట్రైనింగ్ కార్డులు, జీతం స్లిప్పులు పారేయకండి. ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి ఇచ్చే ఆర్‌పీఎల్ సర్టిఫికెట్ ఐటీఐకి సమానం కాదు. కానీ యుటిలిటీ పనులను చాలాచోట్ల కాంట్రాక్టర్లే నడుపుతారు, వాళ్ల దగ్గర చేరేటప్పుడు ఆ కాగితం, ఆ లెటర్ పక్కపక్కన పెడితే హెల్పర్ రేటు దగ్గర బేరం మొదలవదు.