చివరి హెచ్చరికలో తారీఖులు లేకపోతే

గుంటూరు చుట్టుపక్కల, ప్రత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లుల్లో సీజన్‌లో ఒక తప్పు పదే పదే జరుగుతుంది. రోలర్ దగ్గర ప్రత్తి ఇరుక్కుంటే మిషన్ ఆపకుండా, గార్డు తీసి చేత్తో లాగేస్తారు. రోలర్ ఆ వేళ్లను కూడా లోపలికి లాక్కుంటుంది. ఇలాంటి తప్పుకు ఇచ్చే చివరి హెచ్చరిక లేఖలో చాలాసార్లు కనిపించేది ఒకటే వాక్యం: ‘ఎన్నిసార్లు చెప్పినా మీ ప్రవర్తన మారలేదు.’ ఎన్నిసార్లు? ఎప్పుడు? ఎవరు చెప్పారు? వీటికి జవాబు లేని లేఖ కార్మికుడికి ఏమీ నేర్పదు, రేపు కేసు పడితే యాజమాన్యానికీ అక్కరకు రాదు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. లేఖ మొదట ఇప్పటి తప్పును చెప్పాలి: ‘జనవరి 9, రాత్రి 11:20, 7వ నంబరు జిన్, స్విచ్ ఆన్‌లో ఉండగా గార్డు తీసి, ఇరుక్కున్న ప్రత్తిని చేత్తో లాగారు.’ ‘నిర్లక్ష్యంగా పనిచేశారు’ అని రాస్తే ఆ నిర్లక్ష్యం ఏమిటో ఎవరికీ తెలియదు. తర్వాత పాత మెట్లు: నవంబరు 18న మేస్త్రీ నోటిమాటగా హెచ్చరించి రిజిస్టరులో రాశారు; 20న మిషన్ ఆపి, తాళం వేసి శుభ్రం చేసే పద్ధతి చూపించి సంతకం తీసుకున్నారు; డిసెంబరు 12న మళ్లీ అదే తప్పుకు రాతపూర్వక హెచ్చరిక ఇచ్చారు. ఇప్పటి తప్పుకు ఇచ్చిన షోకాజ్ నోటీసుకు కార్మికుడు ఇచ్చిన జవాబేమిటి, అది ఎందుకు సరిపోలేదు అన్నదీ ఉండాలి. ఆలస్యంగా వచ్చినందుకు ఇచ్చిన మెమోలను ఇందులో కలిపితే లేఖ బలపడదు, కక్షలా కనిపిస్తుంది.

పాత రికార్డును చూసి శిక్ష పెంచదలిస్తే ఆ సంగతి ముందే చెప్పి, సమాధానం ఇచ్చుకునే అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1963లో మంచేగౌడ కేసులో స్పష్టం చేసింది. అది ప్రభుత్వోద్యోగి కేసే, కానీ సూత్రం ఫ్యాక్టరీకీ పనికొస్తుంది. అందుకే రేపు మళ్లీ తప్పు జరిగి, ఆరోపణలు రాసి చార్జిషీటు ఇవ్వాల్సి వస్తే అందులోనూ ఈ హెచ్చరికలను మళ్లీ ప్రస్తావించాలి.

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది పర్యవసానం దగ్గర. ‘మళ్లీ చేస్తే తక్షణం తొలగిస్తాం’ అని రాయకూడదు. విచారణకు ముందే తీర్పు రాసుకున్నట్టవుతుంది. ‘ఈ తేదీ నుంచి 12 నెలల్లో ఇలాంటి భద్రతా ఉల్లంఘన మళ్లీ జరిగితే చార్జిషీటు ఇచ్చి విచారణ జరుపుతాం, ఆరోపణ రుజువైతే ఉద్యోగం నుంచి తొలగింపు వరకూ శిక్ష ఉండవచ్చు’ అన్నది సరైన మాట. గడువు ఎంతన్నది మీ ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాలైన స్టాండింగ్ ఆర్డర్లను చూసి పెట్టుకోవాలి.

సంతకం పెట్టే ముందు మేనేజరు 7వ నంబరు జిన్ దగ్గరికి వెళ్లి చూడాలి. గార్డు బోల్టులు ఊడిపోయి ఉన్నా, ‘ఆపితే లోడు ఆగిపోతుంది, అలాగే లాగెయ్’ అని మేస్త్రీయే చెప్పినా, కార్మికుడి మీద చివరి హెచ్చరిక అన్యాయం. ముందు బాగుచేయాల్సింది మిషన్‌ని, మేస్త్రీని.

లేఖ తెలుగులోనే ఉండాలి, చదివి వినిపించాలి. సంతకం కింద ‘అందింది’ అని మాత్రమే ఉండాలి, ‘తప్పు ఒప్పుకుంటున్నాను’ అని కాదు. తీసుకోనంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో ఆ విషయం రాసి, ఇంటి చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, రసీదును ఫైల్లో పెట్టాలి.